బాలల అబ్జర్వేషన్ హోంలలో చదువు: శిక్షలో భాగం కాదు, పునరావాసానికి పునాది

చీమకుర్తి గ్రానైట్ క్వారీ దగ్గర పనికెళ్తూ ఎనిమిదో తరగతిలోనే బడి మానేసిన పదహారేళ్ల కుర్రాడు బైకు దొంగతనం కేసులో, విచారణ జరిగేదాకా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోంకి వచ్చాడనుకుందాం. వాడికి ముందు ఏం నేర్పాలి? నా దృష్టిలో హోంలలో చదువు గురించి అసలు ప్రశ్న ఇదే.

2015 బాల న్యాయ చట్టం 53వ సెక్షన్ ప్రకారం హోంలో వయసుకీ అవసరానికీ తగిన చదువు, వృత్తి నైపుణ్యం ఇవ్వాలి, ప్రతి పిల్లవాడికీ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలి. కాగితం మీద బాగుంది. కానీ విచారణలో ఉన్న పిల్లలు కొన్ని వారాలకే బెయిల్ మీద వెళ్లిపోతారు కాబట్టి ఏడాది సిలబస్ పట్టుకుని పాఠం చెబితే ఎవరికీ అందదు. వాడు తెలుగు పేజీ తడబడకుండా చదవగలడా, కూలి లెక్క వేసుకోగలడా అని మొదటి రోజుల్లోనే చూసి, అక్కడి నుంచి చిన్న చిన్న పాఠాలుగా మొదలుపెట్టాలి. పద్నాలుగు నిండితే సార్వత్రిక విద్యలో, అంటే ఓపెన్ స్కూల్లో, పదో తరగతికి కట్టొచ్చు, హోం వదిలినా ఆ అడ్మిషన్ పోదు, అందుకే నాకిది అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది.

కుట్టుమిషన్, వడ్రంగం నేర్పడం మంచిదే, అయితే అక్షరాలకు బదులుగా కాదు.

బయటికొచ్చాక హెడ్‌మాస్టర్లు చేర్చుకోడానికి వెనకాడితే అదే చట్టంలోని 24వ సెక్షన్ చూపించాలి: పాత కేసు వల్ల ఆ పిల్లవాడికి ఏ అనర్హతా రాదు. ప్రొబేషన్ ఆఫీసర్ స్వయంగా వెంటబెట్టుకుని బడికి వెళ్లాలి.