వర్షాకాలానికి ముందు భద్రతా నిల్వల లెక్క: రాయగడ హోటల్, స్టోరు విభాగం

మన హోటల్‌కు బియ్యం పార్వతీపురం మిల్లు నుంచి, మినపగుళ్ళు, నూనె విజయనగరం టోకు వర్తకుల నుంచి, రొయ్యలు విశాఖపట్నం నుంచి వస్తున్నాయి. ఇంతవరకు స్టోరులో ప్రతి సరుకుకూ "వారానికి సరిపడా" అన్న ఒకే కొలత పాటించడం వల్ల, కొన్ని సరుకులు అవసరానికి మించి పేరుకుపోగా, మరికొన్ని నిండుకునే దాకా ఎవరి దృష్టికీ రాలేదు. ఇకపై ప్రతి సరుకుకూ విడిగా లెక్క కట్టాలి.

లెక్కకు నాలుగు అంకెలు కావాలి: రోజువారీ సగటు వాడకం (d), ఆ వాడకం సగటు నుంచి ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే ప్రామాణిక విచలనం (σd), ఆర్డరు పెట్టిన రోజు నుంచి సరుకు దిగే రోజు వరకు పట్టే సగటు రోజులు (L), ఆ రోజులలోని ప్రామాణిక విచలనం (σL). z అన్నది కొత్త సరుకు దిగేలోపు పాతది నిండుకోదని మనం కోరుకునే భరోసాను బట్టి మారుతుంది: 90 శాతానికి 1.28, 95 శాతానికి 1.645, 98 శాతానికి 2.05.

```
SS  = z × √(L × σd² + d² × σL²)
ROP = d × L + SS
```

SS భద్రతా నిల్వ. ROP అంటే మళ్ళీ ఆర్డరు పెట్టవలసిన మట్టం.

బియ్యాన్ని వివరంగా చూద్దాం. రోజుకు సగటున 40 కిలోలు వండుతున్నాము, విచలనం 6 కిలోలు. గత తొమ్మిది ఆర్డర్లు దిగడానికి పట్టిన రోజులు వరుసగా 3, 3, 4, 3, 7, 3, 4, 3, 6. వీటి సగటు 4, విచలనం 1.5 (ఎక్సెల్‌లో `STDEV.S` వాడాలి, `STDEV.P` కాదు). 98 శాతం భరోసాకు:

```
L × σd²  = 4 × 36      = 144
d² × σL² = 1600 × 2.25 = 3600
SS  = 2.05 × √3744 ≈ 125 కిలోలు
ROP = 160 + 125    = 285 కిలోలు
```

ఇందులో గమనించవలసినది 144కూ 3600కూ మధ్య ఉన్న అంతరం. మిల్లు నుంచి సరుకు ఎప్పుడూ సరిగ్గా నాలుగో రోజే దిగితే భద్రతా నిల్వగా 25 కిలోల బస్తా ఒక్కటి చాలు. ఇప్పుడు ఐదు బస్తాలు ఉంచవలసి వస్తోంది. అంటే మిగతా నాలుగు బస్తాలూ భోజనానికి వచ్చేవారి రద్దీ కోసం కాదు, లారీ ఏ రోజు వస్తుందో తెలియకపోవడం కోసం. విచలనం 1.5 నుంచి సగం రోజుకు తగ్గితే రెండు బస్తాలతో సరిపోతుంది గనుక, ధర తగ్గించమని మిల్లువారిని అడగడం కన్నా సరుకు దిగే రోజు ఖాయం చేయమని అడగడమే మనకు లాభం.

98 శాతం అన్నది రోజులకు కాదు, ఆర్డర్లకు వర్తిస్తుంది. వారానికి ఒక ఆర్డరు చొప్పున ఏడాదికి యాభై పెడితే, వాటిలో ఒకదానికి లోటు రావచ్చునన్నమాట. అన్నం లేని భోజన హోటల్ ఉండదు కాబట్టి బియ్యానికి అంతకన్నా తక్కువ భరోసా పెట్టలేము.

ఏడు, ఆరు రోజులు పట్టిన రెండు ఆర్డర్లూ వానల్లో పెట్టినవే. అందువల్ల జూలై నుంచి సెప్టెంబరు వరకు L ను 5గా, σL ను 2గా తీసుకుంటున్నాము. ఇది ఈ రెండు ఆర్డర్లను చూసి వేసిన అంచనా మాత్రమే. ఆ ప్రకారం భద్రతా నిల్వ 166 కిలోలు, అంటే ఏడు బస్తాలు; ఆర్డరు మట్టం 366 కిలోలు. స్టోరు గదిలో నేలకు తేమ ఎక్కుతుంది కాబట్టి అదనపు బస్తాలను చెక్క దిమ్మెల మీదే పేర్చాలి, పాతవి ముందు వాడాలి.

మినపగుళ్ళకు (d 9, σd 2, L 5, σL 2) అదే 98 శాతం భరోసాతో భద్రతా నిల్వ 38 కిలోలు, ఆర్డరు మట్టం 83 కిలోలు. నూనె ఊళ్ళోనే కాస్త ఎక్కువ ధరకైనా దొరుకుతుంది, కనుక 95 శాతం చాలు: d 11, σd 3, L 3, σL 1 తో భద్రతా నిల్వ 20 కిలోలు, ఆర్డరు మట్టం 53. పదిహేను కిలోల డబ్బాలు నాలుగే మిగలగానే ఆర్డరు పెట్టాలి.

రొయ్యలకు ఈ సూత్రం పనికిరాదు. 90 శాతానికి ఆరు కిలోలకు పైగా అదనంగా ఉంచమని లెక్క చెబుతుంది గాని, మన ఐసు పెట్టెలో అవి రెండో రోజుకే పాడవుతాయి. కాబట్టి వాటికి భద్రతా నిల్వ ఉంచబోము. సరుకు రాని పూట ఆ వంటకాన్ని పట్టికలో కొట్టివేసి, ఊళ్ళో దొరికే చెరువు చేప వండాలి.

మజ్జిగౌరమ్మ చైత్ర పండుగ రోజులను ఈ విచలనాలలో కలపలేదు. ముందే తెలిసిన రద్దీని అనిశ్చితిగా లెక్కిస్తే ఏడాది పొడవునా అనవసరంగా నిల్వ పెరుగుతుంది. ఆ రోజులకు అదనపు సరుకును విడిగా, రెండు వారాల ముందే ఆర్డరు పెట్టాలి.

స్టోరు బాధ్యులు ఆర్డరు పెట్టిన తేదీని, సరుకు దిగిన తేదీని రెండు వేర్వేరు గడులలో రాయాలి; బిల్లు మీది తేదీ సరుకు బయలుదేరిన రోజుది కాబట్టి దానిని వాడరాదు. సగం సరుకే దిగితే మిగతా సగం చేరిన రోజునే దిగిన తేదీగా రాయాలి. సెప్టెంబరు చివర ఈ అంకెలతో బియ్యం, మినపగుళ్ళ లెక్క మళ్ళీ కట్టాలి.