సంఘటన నివేదిక సారాంశం: శీతల గిడ్డంగి మూడో గదిలో ఉష్ణోగ్రత పెరుగుదల

ఈ నెల 9న అర్ధరాత్రి దాటాక 1.40 గంటలకు విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ సమీపంలోని మన శీతల గిడ్డంగికి విద్యుత్ సరఫరా నిలిచిపోయినప్పుడు జనరేటర్ స్టార్ట్ కాకపోవడంతో, మూడో గదిలో మైనస్ 18 డిగ్రీలు మించకూడని ఉష్ణోగ్రత తెల్లవారేసరికి మైనస్ 9కి చేరింది. ఎవరికీ గాయాలు కాలేదు; అయితే ఎగుమతికి సిద్ధంగా ఉన్న 14 టన్నుల రొయ్యలను నాణ్యతా పరీక్షల ఫలితాలు వచ్చేవరకు నిలిపివేశాము. జనరేటర్ బ్యాటరీ చెడిపోవడం తక్షణ కారణమే గాని, అలారం మోగినా నాలుగు గంటలపాటు ఎవరూ స్పందించలేదు కనుక, దీనిని యంత్ర లోపం కన్నా మన పర్యవేక్షణ లోపంగానే పరిగణించాలని మా అభిప్రాయం. బ్యాటరీని అదే రోజు మార్చాము. రాత్రి షిఫ్టుకు అదనపు టెక్నీషియన్‌ను నియమించేందుకు 20వ తేదీలోగా మీ ఆమోదం కావాలి. పూర్తి కాలక్రమం 4వ పేజీలో ఉంది.