వానాకాలం మెనూ
నెల్లూరు, దర్గామిట్ట కిచెన్ నుంచి. సాయంత్రం 4 నుంచి రాత్రి 9.30 దాకా.

జూన్‌లోనే వానల మెనూ పెట్టమని కొందరు అడిగారు. మనకి అసలు వాన అక్టోబరు నుంచే కదా, అందుకే ఇప్పుడు పెట్టాం. డిసెంబరు దాకా ఉంటుంది.

వాము ఆకు బజ్జీ (6) - రూ.60
మా మిద్దె మీది కుండీల్లో ఆకు. పిండి ఎంత పలచగా పడుతుందంటే, వేగాక కూడా ఆకు ఈనెలు కనపడతాయి. డబ్బా మూతకి బొక్కలు పెట్టి పంపుతాం. మీ చేతికి రాగానే మూత తీసేయండి, ఆవిరి పట్టిందంటే మెత్తబడతాయి.

మిరపకాయ బజ్జీ (4) - రూ.60
లోపల చింతపండు, వాము, ఉప్పు. పైన ఉల్లిపాయ, నిమ్మరసం వేరే పొట్లంలో. మూడు కిలోమీటర్లు దాటిన ఇళ్లకి ఇది అమ్మం. చల్లారిన బజ్జీకి డబ్బులు తీసుకోవాలంటే మాకే మొహమాటం.

గట్టి పకోడి (200 గ్రాములు) - రూ.70
నీళ్లు పోయం. ఉల్లిపాయకి ఉప్పు పట్టిస్తే ఊరే తడితోనే పిండి కలుస్తుంది. వేదాయపాళెం, స్టోన్‌హౌస్‌పేట వాళ్లు ధైర్యంగా చెప్పుకోవచ్చు, దారిలో మెత్తబడే రకం కాదు.

అలసంద వడ (4), అల్లం పచ్చడి - రూ.70
పప్పు అక్కడక్కడా పంటికి తగలాలని కచ్చాపచ్చాగా రుబ్బుతాం.

ఉడకబెట్టిన శెనక్కాయలు - రూ.40
తొక్కతోటే, ఉప్పేసి. కరెంటు పోయినా చీకట్లో వొలుచుకు తినొచ్చు.

రొయ్యల పకోడి - రూ.180 (శని, ఆదివారాలు)
గుంట రొయ్యలు. వాయుగుండమని పడవలు ఒడ్డునే ఆగినా ఇది ఆగదు. కరివేపాకు ఎక్కువే వేస్తాం, ఏరి పక్కన పెట్టొద్దు.

కారం దోసె - రూ.70
ఎర్రకారం, పైన పప్పుల పొడి. కరకరలాడుతూ వస్తుందని చెప్పం. వచ్చేలోపు కారం దోసెలోకి ఇంకిపోతుంది. మా ఇంట్లో అయితే అలాగే కావాలంటారు.

అల్లం టీ (ఫ్లాస్కు, 4 కప్పులు) - రూ.100
దంచిన అల్లం ముందు నీళ్లలో బాగా మరగాలి, తర్వాతే పాలు. పచ్చి అల్లం పాలల్లో వేస్తే విరిగే ప్రమాదం. చక్కెర విడిగా ఇస్తాం. ఫ్లాస్కు మర్నాడు మా అబ్బాయి వచ్చి తీసుకుపోతాడు, కడిగి పెట్టక్కర్లేదు.

మిరియాల పాలు - రూ.35
స్కూటర్ మీద తడిసొచ్చినవాళ్లకి, టీ మానేసిన పెద్దవాళ్లకి.

ఒక మాట: రైలు కట్ట కింద అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలిస్తే మా అబ్బాయిలు చుట్టూ తిరిగి రావాలి. ఇరవై నిమిషాలు ఆలస్యం అవుతుంది. అలాంటప్పుడు బజ్జీ చెప్పినవాళ్లకి ముందే ఫోన్ చేసి, బదులుగా గట్టి పకోడి పంపమంటారా అని అడుగుతాం.