కోత పండుగ నాడు పిలకల మాట

అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లకు, పొద్దున్నే బళ్లో జెండా వందనం చేసుకుని అదే యూనిఫాంతో గుడికి పరిగెత్తుకొచ్చిన పిల్లలకు, పిలవగానే పని మానుకుని వచ్చి వెనక బెంచీల్లో కూర్చున్న మెరక ఊరి రైతు అన్నలకు, లంకల నుంచి వచ్చిన అక్కలకు, యేసయ్య నామంలో వందనాలు.

కోత పండుగలో కృతజ్ఞతా మాటలు ఈసారి నన్ను చెప్పమన్నారు. నేను కౌలు రైతును. మూడెకరాల మాగాణి చేస్తాను. మైకు ముందు నిలబడటం అలవాటు లేదు, కాళ్లు వణుకుతున్నాయి. అయినా ఈ మాటలు నాలుగు నెలలుగా నా గుండెలో మోస్తున్నాను. ఇవాళ దించుకుంటే తప్ప లాభం లేదు.

బల్ల ముందు చూడండి. సాంబమసూరి బస్తాలున్నాయి, గుమ్మడికాయలున్నాయి, అరటి గెలలున్నాయి, తొట్టి కింద రెండు నాటుకోళ్లు అరుస్తున్నాయి. వీటి పక్కనే ఒక ఎండిపోయిన గడ్డి చాపలాంటిది పెట్టాను. పొద్దున చిన్నపిల్ల ఒకతి వచ్చి, పెద్దమ్మా ఇదేంటి అని అడిగింది. అది చాప కాదమ్మా, వరి పన. 2023 డిసెంబరు నాటిది.

పెద్దవాళ్లకు ఆ నెల గుర్తు చేయక్కర్లేదు. చేయి కోత కోయించి పనలు చేలో ఆరబెట్టుకున్నాం. 5వ తారీకు మిచాంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. మూడో రోజు చేలోకి దిగితే మోకాలి లోతు నీళ్లు. నీళ్లు తీశాక ఒక పన ఎత్తబోయాను. విడిగా రాలేదు. కంకులన్నీ మొలకెత్తి, తెల్లటి వేళ్లు ఒకదానికొకటి అల్లుకుపోయి, మొత్తం చాపలాగా లేచింది. గింజ నలిపితే పాలు కాదు, బూజు వాసన. కోయకుండా నిలబెట్టిన చేలు కూడా పడిపోయాయి. లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద కొడితే మొలక ఆగుతుందన్నారు, కొట్టాం. కొన్ని చేలల్లో ఆగింది. నా చేలో అప్పటికే ఆలస్యమైపోయింది. కోతకు ముందే చేలో చల్లిన మినుములు కూడా కుళ్లిపోయాయి. ఒక్క వారంలో రెండు పంటలు పోయాయి.

ఎకరానికి ఎనిమిది బస్తాలు వచ్చాయి, అవీ రంగు మారినవి. ఆ రాత్రి నేను ప్రార్థన చేయలేకపోయాను. అబద్ధం చెప్పను, మోకరించాను గానీ మాట రాలేదు. మా అత్తమ్మ నా పక్కన కూర్చుని తన 1977 నవంబరు కథ చెప్పింది. 19వ తారీకు రాత్రి ఉప్పెన నది అవతల దివిసీమను ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టినప్పుడు ఆమెకు పెళ్లయి ఏడాది. పోయిన బంధువులను వెతుక్కుంటూ వాళ్ల నాన్న పడవ మీద ఏటి అవతలికి వెళ్లాడట. వంతెన లేని రోజులవి. వెళ్లిన పదో రోజున తిరిగొచ్చి, ఎవరూ దొరకలేదమ్మా, కానీ ఎవరెవరో నాకు అన్నం పెట్టారు అన్నాడట. అత్తమ్మ అంతే చెప్పి పడుకుంది. అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు.

అర్థమైంది మొన్న సెప్టెంబరులో.

2024 ఆగస్టు ఆఖరున మొదలైన వాన ఆగలేదు. పైనుంచి కృష్ణ విరుచుకుపడింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు దాటిందని టీవీలో చెబుతుంటే నా చేతిలో గ్లాసు జారిపోయింది. కరకట్ట మీద మగవాళ్లు రాత్రంతా టార్చిలైట్లు పట్టుకుని, ఇసుక బస్తాలు పేర్చుకుంటూ కాపలా కాశారు. కట్ట మనల్ని కాపాడింది, దేవునికి స్తోత్రం. కానీ కట్టకు ఏటి వైపున్న లంకలకు ఏ కట్టా లేదు. అరటి, పసుపు, కంద, కూరగాయలు అన్నీ ఏటిపాలు. అక్కడి వాళ్లు పిల్లలను, గేదెలను, గిన్నెలను తీసుకుని మన గుడికి వచ్చారు. ఈ బెంచీలన్నీ బయట పెట్టి, ఇదే గచ్చు మీద తొమ్మిది రాత్రులు పడుకున్నారు. అమ్మగారు రోజూ పెద్ద గుండిగలో పప్పుచారు కాచారు. ఊళ్లో ఎవరింట్లో బియ్యం ఎంతుంటే అంత వచ్చింది. శివాలయం వీధి వాళ్లు పాలు పంపారు, మసీదు దగ్గర సాయిబుగారి పిల్లలు దుప్పట్లు తెచ్చారు.

మన చేలలోకి ఏరు రాలేదు గానీ మురుగు కాలువలు ఎగదన్నాయి. నెల వయసు వరి ఆరు రోజులు నీళ్లలో మునిగి ఉంది. నీళ్లు తీసేసరికి పల్లంలో ఉన్న నా రెండెకరాల్లో వరి లేదు. బురద మీద పాచి పరుచుకుని, అక్కడక్కడా పసుపు రంగు పీచు తేలుతోంది. మళ్లీ నారు పోసి నాటుకునే రోజులు దాటిపోయాయి. కౌలు మాత్రం కట్టాల్సిందే కదా. గట్టు మీద కూర్చుని, ఇక చాలు, హైదరాబాద్ పోయి ఏదైనా పని చూసుకుందాం అనుకున్నాను. ఊళ్లో మూడు కుటుంబాలు అలాగే వెళ్లిపోయాయి. వాళ్ల గురించి కూడా ఇవాళ తలుచుకోవాలి. వెళ్లిన వాళ్లకు విశ్వాసం తక్కువ, ఉన్న వాళ్లకు ఎక్కువ అని ఎవరూ అనొద్దు. వాళ్లకు అప్పు ఎక్కువ, అంతే తేడా.

ఆ గట్టు మీదకే వచ్చారు, వెనక బెంచీల్లో కూర్చున్న ఈ అన్నలు. మెరక పొలాలు కాబట్టి వాళ్ల చేలు మునగలేదు. చెల్లెమ్మా, మా చేలో దుబ్బులు బాగా పిలకలు తొడిగాయి, దుబ్బు చీల్చి సగం ఇస్తాం, నాటుకోండి అన్నారు. వ్యవసాయం చేసేవాళ్లకే తెలుస్తుంది ఆ మాట బరువు. నారుమడిలో మిగిలిన నారు ఇవ్వడం వేరు. నాటి, ఎరువు వేసి, కలుపు తీసి, ఇంకో రెండు నెలల్లో ఈనబోయే సొంత చేలోంచి దుబ్బు పెకలించి, సగం విడదీసి పక్క ఊరికి ఇవ్వడం వేరు. మా చేను పలచనైతే మళ్లీ పిలకేసుకుంటుందిలే అన్నారు. వాళ్ల దిగుబడి తగ్గదని మాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు.

పిలకలు వచ్చాయి సరే, నాటేదెవరు? కూలి ఇవ్వడానికి నా దగ్గర డబ్బుల్లేవు. అప్పుడు ఈ గుడి గచ్చు మీద పడుకున్న లంక అక్కలు లేచారు. సొంత తోటలు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. చీరలు ఎగదోపుకుని, మన స్త్రీల సమాజం వాళ్లతో కలిసి వరసగా వంగారు. రెండు రోజులు. ఒక్క రూపాయి తీసుకోలేదు. ఒక అక్క నాటుతూ నాటుతూ ఏడ్చింది. ఏంటక్కా అంటే, ఈ వారంలో నా చేత్తో పచ్చగా ఉన్నది ముట్టుకోవడం ఇదే మొదలు అంది.

ఇందాక 126వ కీర్తన చదువుకున్నాం. పిడికెడు విత్తనాలు పట్టుకుని ఏడుస్తూ వెళ్లినవాడు పనలు మోసుకుంటూ వస్తాడని అందులో ఉంది. చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఏడ్చినవాడే తిరిగొస్తాడని అనుకునేదాన్ని. ఈసారి నా చేలో ఏడుస్తూ నాటిందొకరు, పనలు మోసుకొచ్చింది నేను. అందుకే ఈ బస్తాలు నావి అని చెప్పుకోవడానికి నా నోరు రావడం లేదు.

నవంబరు ఆఖరులో మళ్లీ తుపాను అన్నారు. ఫెంగల్ పేరు వినగానే ఊరంతా ఒకటే టెన్షన్. పట్టాలు అద్దెకు తెచ్చుకుని పొయ్యి పక్కన పెట్టుకుని పడుకున్నాం. అది పుదుచ్చేరి వైపు తిరిగింది, మనకు జల్లులతో పోయింది. అక్కడ నష్టపోయిన వాళ్ల కోసం అయ్యగారు ఆ ఆదివారం ప్రార్థన చేయించారు, అది చాలా మంచి పని. తప్పించుకున్నాం అని చప్పట్లు కొట్టే ముందు, అది ఎవరి మీద పడిందో అడగడం మనం నేర్చుకోవాలి.

జనవరి మొదట్లో కోశాం. పల్లపు రెండెకరాలు ఎకరానికి 27 బస్తాలు, మెరక ఎకరం 30. తేమ 17 శాతానికి లోపే ఉంది, తూకంలో ఇబ్బంది పడలేదు. పోయిన ఏడాది సగం కౌలు వదులుకున్న మా ఆసామికి ఈసారి పూర్తిగా కొలిచి ఇచ్చాను. అప్పు మొత్తం తీరలేదు. బంగారం ఇంకా తాకట్టులోనే ఉంది. అయినా పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టాను. అత్తమ్మకు కళ్లజోడు కొన్నాను. ఇంట్లో ఏడాది తిండి గింజలున్నాయి. ప్రభువా, నీకు స్తోత్రం.

ఇంకో చిన్న సంగతి. కోత మిషన్ మూలల్లో తిరగలేదు, అక్కడ కొంత వరి మిగిలిపోతుంది. ప్రతి ఏడాదీ కొడవలితో నేనే కోసుకునేదాన్ని. పొలం మూలలు పూర్తిగా కోయొద్దు, పరిగె ఏరొద్దు, బీదలకు పరదేశులకు వదిలేయమని మోషే ధర్మశాస్త్రం చెప్పింది గదా. మిషన్లు వచ్చాక మన ఊళ్లో పరిగె మాటే పోయింది. ఈసారి నాలుగు మూలలూ వదిలేశాను. ఇద్దరు ముసలమ్మలు వచ్చి కోసుకుని, మధ్యాహ్నం దాకా గట్టు మీద దులుపుకుని, రెండు మూటలు కట్టుకుని వెళ్లారు. మీరూ వచ్చే కోతకు మీ మూలల సంగతి ఆలోచించండి.

సంఘం తరఫున మూడు మాటలు చెప్పమన్నారు. వేలంలో వచ్చే డబ్బులో సగం గుడి పైకప్పుకు, సగం లంకల్లో కంద విత్తనం కొనుక్కునే కుటుంబాలకు. ఇది కమిటీలో ఒప్పుకున్నదే. రెండోది, మెరక ఊరి అన్నల చేలు ఈ ఏడాది ఎకరానికి రెండు మూడు బస్తాలు తగ్గాయని మొన్న తెలిసింది. వాళ్లు చెప్పలేదు, మా అబ్బాయి కాటా దగ్గర విన్నాడు. అందుకని పిలకలు తీసుకున్న మేం పదకొండు ఇళ్ల వాళ్లం తలా రెండు బస్తాలు తెచ్చాం, బయట ట్రాక్టర్లో ఉన్నాయి. అన్నా, వద్దనకండి. ఇది బాకీ తీర్చడం కాదు, మీ చేలో గింజలే మీ ఇంటికి వస్తున్నాయి. మూడోది, లంక అక్కలకు భోజనాలయ్యాక చీర, జాకెట్టు ముక్క పెడతాం, ఎవరూ ముందే వెళ్లిపోవద్దు.

ఆ ఎండు పనను మాత్రం వేలం వేయొద్దని అయ్యగారిని అడిగాను. ఏటేటా కోత పండుగకు బల్ల పక్కన పెడతాం.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. వెళ్లిపోయిన మూడు ఇళ్ల పేర్లు కూడా ప్రార్థనలో పెట్టమని అయ్యగారిని మనవి చేస్తున్నాను. ప్రార్థన అయ్యాక వేలం. పిల్లలూ, ముందు ఆ కోళ్లను పట్టుకోండి, తొట్టి కింద గాలాడటం లేదు.