సెరెబ్రల్ కార్టెక్స్: పరీక్ష ముందు రోజు చూసుకునే నోట్సు

ఫస్టియర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

కార్టెక్స్ మీద ఎస్సే వచ్చినా, షార్ట్ నోట్ వచ్చినా, వైవాలో అడిగినా దారి ఒక్కటే. "పేషెంట్‌కి ఇది పోయింది, దెబ్బ ఎక్కడ తగిలింది?" అని వెనక్కి వెళ్లడం అలవాటు చేసుకోండి. బ్రాడ్‌మన్ నంబర్లు వరుసగా బట్టీ పట్టకండి. ఆయన 1909లో కణాల పొరల తీరు చూసి నంబర్లు వేశాడు, పని చూసి కాదు. అందుకే వరుసలో మనకు లాజిక్ దొరకదు. 4, 6, 8, 44-45, 3-1-2, 39, 40, 41-42, 22, 17, 18-19 వస్తే చాలా మటుకు గట్టెక్కినట్టే.

బొమ్మ తప్పకుండా వేయండి. ముందు సెంట్రల్ సల్కస్, దాని కింద లేటరల్ సల్కస్. పరైటో-ఆక్సిపిటల్ సల్కస్ స్పష్టంగా కనిపించేది మీడియల్ సర్ఫేస్ మీదే, కాబట్టి ఆ వైపు బొమ్మ కూడా కావాలి. లేటరల్ సల్కస్ లోపల దాక్కున్న ఇన్సులాను చాలామంది మరిచిపోతారు, ఒక్క గీతతో చూపించండి.

ఫ్రాంటల్ లోబ్

ప్రీసెంట్రల్ గైరస్ అంటే ఏరియా 4, ప్రైమరీ మోటార్. ఇక్కడ శరీరం తలకిందులుగా ఉంటుంది. ముఖం కింద, చెయ్యి దాని పైన, కాలు మాత్రం పైఅంచు దాటి మీడియల్ సర్ఫేస్ మీద పారాసెంట్రల్ లోబ్యూల్‌లోకి దిగుతుంది. ముఖం, చెయ్యి ఉన్న భాగానికి మిడిల్ సెరెబ్రల్ ఆర్టరీ, కాలు ఉన్న భాగానికి యాంటీరియర్ సెరెబ్రల్ ఆర్టరీ రక్తం ఇస్తాయి. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం కేసులు తేలిపోతాయి.

దెబ్బ తగిలిన వైపుకు ఎదుటి వైపు బలం తగ్గుతుంది. ముఖంలో మాత్రం కింది సగమే వంకర పోతుంది. నుదురు ముడత పడుతుంది, ఎందుకంటే పై ముఖానికి రెండు కార్టెక్స్‌ల నుంచీ ఆదేశాలు అందుతాయి. బెల్స్ పాల్సీలో ఆ వైపు నుదురు కూడా కదలదు. ఎగ్జామినర్లకు ఈ తేడా మహా ఇష్టం.

ఏరియా 6 ప్రీమోటార్. ఏరియా 8 ఫ్రంటల్ ఐ ఫీల్డ్, మిడిల్ ఫ్రాంటల్ గైరస్ వెనుక భాగంలో. ఇది చచ్చుబడితే రెండు కళ్లూ దెబ్బ ఉన్న వైపే తిరిగిపోతాయి. అదే చోట సీజర్ పుడితే ఎదుటి వైపు తిరుగుతాయి.

ప్రీఫ్రాంటల్ పోతే చేతులు కాళ్లు బాగానే ఉంటాయి, మనిషే మారిపోతాడు. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైల్వే పనిచేసే ఫినియాస్ గేజ్ తలలోంచి ఇనుప కడ్డీ దూసుకుపోయింది. బతికాడు, నడిచాడు, మాట్లాడాడు, కానీ స్వభావం మారిందని డాక్టర్ రాసుకున్నాడు. ముందుచూపు, సమయస్ఫూర్తి, హద్దు తెలిసి మెలగడం, చొరవ, ఇవన్నీ తగ్గుతాయి. ఇంటివాళ్లు "మా నాయన ఇట్ల ఉండెటోడు కాదు సార్" అంటే ఫ్రాంటల్ గుర్తుకు రావాలి.

మాట

ఎక్కువ మార్కులు ఇక్కడే ఉన్నాయి, కాబట్టి నిదానంగా చదవండి. కుడిచేతివాటం వాళ్లలో దాదాపు అందరికీ, ఎడమచేతివాటం వాళ్లలో చాలామందికి భాష ఎడమ అర్ధగోళంలోనే ఉంటుంది.

వార్డులో ఒక అవ్వను "పొద్దుగాల ఏం తిన్నవ్ అవ్వా?" అని అడిగారనుకోండి. "అన్నం... పప్పు... కోడలు..." అని కష్టపడి ఒక్కో మాట తీస్తుంది, చెప్పలేకపోతున్నానని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, "చెయ్యి లేపు" అంటే లేపుతుంది. ఇది బ్రోకా అఫేసియా. ఇన్ఫీరియర్ ఫ్రాంటల్ గైరస్, 44-45. పక్కనే మోటార్ ఏరియా ఉంది గనక కుడి ముఖం, కుడి చెయ్యి కూడా బలహీనపడటం మామూలే. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా చూసిన పేషెంట్ నోట "టాన్" తప్ప పెద్దగా ఏమీ వచ్చేది కాదు.

ఇంకో అవ్వ అదే ప్రశ్నకు "ఆ బండి కుర్సీల పోసి నిన్న మస్తు అలుకుతున్నదిరా" అని గడగడా చెప్పేస్తుంది. ధారకు లోటు లేదు, అర్థమే లేదు. "చెయ్యి లేపు" అంటే పట్టదు, తను తప్పు మాట్లాడుతున్నట్టు ఆమెకు తెలియదు. ఇది వెర్నికె అఫేసియా. సుపీరియర్ టెంపోరల్ గైరస్ వెనుక భాగం, ఏరియా 22. వెర్నికె దీన్ని 1874లో వర్ణించాడు. చేతులు కాళ్లు బాగుండటంతో కొందరు దీన్ని మానసిక సమస్య అనుకుని పొరబడతారు.

మూడోది కండక్షన్ అఫేసియా. మాట ధారగా వస్తుంది, అర్థమూ అవుతుంది, కానీ మీరు చెప్పిన వాక్యాన్ని తిరిగి చెప్పమంటే తడబడుతుంది. రెండు ఏరియాలను కలిపే ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్ దెబ్బతిందని పుస్తకాల్లో రాస్తారు, మీరూ అదే రాయండి. పై మూడింటిలోనూ తిరిగి చెప్పడం పోతుంది. అది చెడకుండా ఉంటే ట్రాన్స్‌కార్టికల్ రకాలు.

పరైటల్ లోబ్

పోస్ట్‌సెంట్రల్ గైరస్, 3-1-2. దెబ్బ తగిలితే ఎదుటి వైపు నొప్పి పూర్తిగా మాయం కాదు, ముతకగా తెలుస్తూనే ఉంటుంది. పోయేది సూక్ష్మంగా పసిగట్టే శక్తి. కళ్లు మూయించి చేతిలో తాళంచెవి పెడితే స్పర్శ తెలుస్తుంది, అది తాళంచెవి అని మాత్రం చెప్పలేడు. అదే ఆస్టీరియోగ్నోసిస్. రెండు మొనలను విడిగా గుర్తుపట్టే శక్తీ తగ్గుతుంది.

కుడి పరైటల్: సద్దులకు బతుకమ్మ పేరుస్తున్న పెద్దమ్మ తాంబాలం కుడి సగంలోనే తంగేడు, గునుగు పెట్టి, ఎడమ సగం ఖాళీగా వదిలేసి "అయిపోయింది" అంటుంది. చూపు పోలేదు, ఎడమ వైపు ఒకటుందన్న ధ్యాసే లేదు. ఇది హెమీనెగ్లెక్ట్.

ఎడమ పరైటల్, యాంగ్యులర్ గైరస్, 39: ఎనుమాముల యార్డులో ఏళ్లుగా మిర్చి బస్తాల లెక్క రాసే గుమాస్తా ఒక పొద్దున కూడిక చెయ్యలేడు, రాయలేడు, కుడి ఎడమ తికమక పడతాడు, చూపుడు వేలు చూపమంటే వేరే వేలు చూపుతాడు. ఈ నాలుగూ కలిస్తే గెర్స్ట్‌మన్ సిండ్రోమ్. నాలుగూ రాయకపోతే మార్కులు తెగుతాయి.

టెంపోరల్, ఆక్సిపిటల్

41-42 వినికిడి. రెండు చెవుల సమాచారం రెండు వైపులకూ వెళ్తుంది గనక ఒక వైపు దెబ్బతింటే చెవుడు రాదు. లోపలి వైపు హిప్పోక్యాంపస్. 1953లో హెచ్.ఎం. అనే పేషెంట్‌కు మూర్ఛ తగ్గడానికి రెండు వైపులా తీసేశాక పాతవి చాలా మటుకు గుర్తున్నాయి, కొత్తవి నిలవలేదు. రెండు అమిగ్డలాలూ పోతే క్లూవర్-బ్యూసీ: భయం ఉండదు, ఏది దొరికినా నోట్లో పెట్టుకోవడం, లైంగిక ప్రవర్తన పెరగడం.

చూపు దారి ఇట్లా గుర్తుంచుకోండి. టెంపోరల్‌లో మేయర్స్ లూప్ తెగితే ఎదుటి వైపు పై పావు కనిపించదు, పరైటల్ దారి తెగితే కింది పావు. కాల్కరైన్ సల్కస్ దగ్గర ఏరియా 17 పోతే ఎదుటి సగమంతా పోతుంది. పోస్టీరియర్ సెరెబ్రల్ ఆర్టరీ మూసుకుంటే నడిమి చూపు మిగలవచ్చు, ఆక్సిపిటల్ పోల్‌కు మిడిల్ సెరెబ్రల్ నుంచి కూడా రక్తం అందుతుంది గనక. రెండు వైపులా పోయినా "నాకు కనిపిస్తుంది" అని వాదిస్తే ఆంటన్ సిండ్రోమ్. 18-19 దెబ్బతింటే కనిపిస్తుంది కానీ అదేమిటో తెలియదు. ముఖాలు మాత్రమే గుర్తుపట్టకపోతే ఫ్యూజిఫార్మ్ గైరస్, ముఖ్యంగా కుడి వైపు.

నిద్రపోయే ముందు రెండు కేసులు

పరకాల రైతు, 62 ఏళ్లు. కుడి కాలు లేవట్లేదు, మూత్రం ఆపుకోలేకపోతున్నాడు. ముఖం, చెయ్యి బాగున్నాయి. జవాబు: ఎడమ పారాసెంట్రల్ లోబ్యూల్, యాంటీరియర్ సెరెబ్రల్ ఆర్టరీ.

హన్మకొండ టీచరమ్మ, 55 ఏళ్లు, కుడిచేతివాటం. రెండు కళ్లూ ఎడమకు తిరిగి ఉన్నాయి, కుడి ముఖం కింది సగం, కుడి చెయ్యి పడిపోయాయి, చెప్పింది చేస్తుంది కానీ మాట రావట్లేదు. జవాబు: ఎడమ ఫ్రాంటల్, ఏరియాలు 4, 8, 44-45, మిడిల్ సెరెబ్రల్ ఆర్టరీ పై శాఖ. ఇక్కడ కుడి, ఎడమ రాయడం మరిస్తే జవాబు సగమే.