కాలనీ పార్కు, మెయిన్ రోడ్డు మొక్కల పెంపకం: రెండేళ్ల ఖర్చు అంచనా

సంఘం సర్వసభ్య సమావేశం ఆమోదం కోసం మొక్కల కమిటీ తయారు చేసినది

పోయిన వానాకాలం ముందటి ఏడాది మనం 150 మొక్కలు నాటాం. ఆ మరుసటి మే నెలలో తిరిగి చూస్తే 22 మిగిలాయి. చచ్చిపోయిన వాటిని పీకి చూస్తే కొన్నింటి వేళ్ల చుట్టూ నర్సరీ నల్ల కవరు అలాగే ఉంది. డబ్బంతా మొక్కలకీ ఫ్లెక్సీలకీ పోయింది, నీళ్లకి పైసా కూడా రాసుకోలేదు. తప్పు కమిటీదే. అందుకే ఈసారి లెక్కను నాటిన మొక్కకు కాకుండా బతికిన మొక్కకు కట్టాం.

| పద్దు | లెక్క | రూపాయలు |
|---|---|---|
| మొక్కలు | 230 × 120 | 27,600 |
| రవాణా | రెండు విడతలు | 5,500 |
| గుంతలు | 200 × 70 | 14,000 |
| పశువుల ఎరువు | 2,000 కిలోలు × 4 | 8,000 |
| వేపపిండి | 50 కిలోలు × 30 | 1,500 |
| ఇనుప ట్రీగార్డులు | 80 × 650 | 52,000 |
| ఊతకర్రలు | 120 × 30 | 3,600 |
| పార్కు గోడ గండి, గేటు మరమ్మతు | | 6,000 |
| నీళ్లు | 82 తడులు × 1,300 | 1,06,600 |
| కలుపు, పాదులు సరిచేయడం | 4 సార్లు × 2,500 | 10,000 |
| నంబరు బిళ్లలు | 200 × 15 | 3,000 |
| తనిఖీలు | 5 × 1,200 | 6,000 |
| అనుకోని ఖర్చులు | సుమారు 5 శాతం | 12,200 |
| మొత్తం | | 2,56,000 |

నాటేది 200. రోడ్డు పక్కన కానుగ 50, వేప 30. పార్కులో వేప 30, నేరేడు 30, చింత 20, మద్ది 20, ఉసిరి 16, రావి 4. మిగతా 30 మొక్కలు రెండో జూలైలో ఖాళీలు పూరించడానికి, అప్పుడే కొంటాం. త్వరగా ఎదుగుతుందని కొందరు కోనోకార్పస్ అడిగారు, కమిటీ వద్దనుకుంది. అన్నీ ఐదడుగుల మొక్కలే. చిన్నవి చవకే కానీ మేకలకు అందుతాయి.

గుంత రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. మే చివర తవ్వి మూడు వారాలు ఎండనిస్తాం. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క పోయాలని కూలీలకు ముందే చెప్పాలి, ఎందుకంటే పూడ్చేటప్పుడు ఎరువు కలిపిన పైమట్టి అడుగుకు వెళ్లాలి. ఒక్కో గుంతకు పది కిలోల మాగిన ఎరువు, పావుకిలో వేపపిండి. నాటేది జూలైలో, భూమి బాగా తడిశాకే.

కంచె ఖర్చు చూసి కొందరు అభ్యంతరం చెప్పొచ్చు. పార్కుకు ప్రహరీ ఉంది కాబట్టి అక్కడి 120 మొక్కలకు ఊతకర్ర చాలు, గండి పూడిస్తే మేకలు రావు. ట్రీగార్డులు రోడ్డు పక్క మొక్కలకే. మొక్కలు నిలదొక్కుకున్నాక వాటిని తీసి మళ్లీ వాడుకోవచ్చు.

అన్నిటికంటే పెద్ద పద్దు నీళ్లు. మొక్కకు 20 లీటర్ల చొప్పున ఒక తడికి 4,000 లీటర్లు కావాలి, వృథా కలిపి 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి సరిపోతుంది. ట్యాంకరు 800, పైపు పట్టే మనిషికి 500. మొదటి ఏడాది వానలు మొహం చాటేసినప్పుడు 8 తడులు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారానికొకటి లెక్కన 17, మార్చి నుంచి జూన్ సగం దాకా వారానికి రెండు చొప్పున 30, మొత్తం 55. రెండో ఏడాది 27. వాన పడిన వారం తడి ఆపేస్తే ఆ డబ్బు మిగులుతుంది. పాదులో ఎండుటాకులు పరవడం మన పనే, దానికి ఖర్చు లేదు.

నీళ్ల కాంట్రాక్టరుకు నెలనెలా 80 శాతమే ఇస్తాం. మిగతా 20 శాతం మే తనిఖీలో 85 శాతం మొక్కలు బతికి ఉంటేనే ఇస్తాం. ఈ షరతు ముందే ఒప్పందంలో రాస్తాం, తర్వాత గొడవ ఉండదు.

తనిఖీలు ఆగస్టు, డిసెంబరు, మే, మళ్లీ డిసెంబరు, మే. ఆగస్టులో అన్నీ పచ్చగానే కనిపిస్తాయి, అసలు సంగతి మేలో తేలుతుంది. ప్రతిసారీ ఇద్దరు సభ్యులు, ఒక తోటమాలి వరుసగా నడుస్తారు. బిళ్ల నంబరు, ఎత్తు, స్థితి రాస్తారు. తల మాడినా చచ్చిందని వెంటనే రాయకూడదు. మొదలు దగ్గర బెరడును గోరుతో గీకితే లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే.

బతికిన శాతం = బతికిన అసలు మొక్కలు ÷ 200 × 100

47వ మొక్క చచ్చిపోయి దాని చోట కొత్తది పెడితే దానికి 47-ఆ అని బిళ్ల. అది ఈ లెక్కలోకి రాదు, వేరే వరుసలో రాస్తాం. లేకపోతే చచ్చినవన్నీ కొత్తవాటి చాటున దాక్కుంటాయి.

నాటిన మొక్కకు ఖర్చు 1,280 రూపాయలు. 85 శాతం, అంటే 170 బతికితే, బతికిన చెట్టుకు సుమారు 1,506. అదే 100 మిగిలితే 2,560.

ప్రారంభ సభ, శాలువాలు, ఫ్లెక్సీలకు ఈ అంచనాలో ఏమీ పెట్టలేదు. కావాలనుకున్న సభ్యులు సొంతంగా పెట్టుకోవచ్చు. మొదటి విడతగా మే 15లోపు 1,30,000 విడుదల చేయాలని కోరుతున్నాం. గుంతలు, మొక్కలు, కంచె, బిళ్లలు, మొదటి నాలుగు నెలల తడులకు అది సరిపోతుంది.