ఎర్రసిరా గీతలు

సూరి తెచ్చిన జిరాక్సు నాలుగు పేజీలు. గుమ్మంలో నిలబడే అందించాడు, లోపలికి రాలేదు.

"కాంట్రాక్టరు బాబు ఇమ్మన్నారు బావా. పోలీసులికి నువ్విచ్చిన వాంగ్మూలమట. వకీలు ఎర్రసిరాతో గీతలెట్టాడు సూడు. రేపు ఆ గీతల కాడే నిన్ను పట్టుకుంటాడు. జొరమొచ్చిందని ఉండిపో, వాయిదా పడిపోతాది."

"సమను తీసుకున్నాక ఎల్లకపోతే వారంటొస్తాది కదరా."

"దానికీ వకీలున్నాడులే."

ముద్దాయికి ఛార్జిషీటు నకళ్లు ఇచ్చి తీరాలి. అందుకే ఆ కాగితాలు కాంట్రాక్టరు చేతికొచ్చాయి. సాక్షి సింహాచలానికి మాత్రం ఈ రెండేళ్లలో ఎవరూ చూపించలేదు. పైగా అంతా ఒడియా. పర్లాకిమిడి చుట్టుపక్కలే పుట్టి పెరిగినా అతనికి ఒడియా మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. కూతురు జ్యోతిని కూర్చోబెట్టి చదివించాడు.

మొదటి గీత: 'కరెంటు స్తంభం దీపం వెలుగులో చూశాను.' రెండోది: 'సుమారు రెండు వందల అడుగుల దూరం నుంచి.'

"ఈ రెండూ నాను సెప్పలేదు," అన్నాడు.

ఆ రాత్రి అతను మహేంద్రతనయ ఏటి గట్టుకు వెళ్లిందే మోటారు గుంయ్‌మంటూ తిరగడం లేదని రైతు కబురంపితే. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు అలాగే మూలుగుతుంది. ఇంకాసేపు వదిలేస్తే వైండింగు కాలిపోతుంది. అతను వెళ్లి స్టార్టరు ఆపేసరికే కమురు వాసన వచ్చింది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫీజు పోయింది. స్తంభం దీపం కూడా ఆ ఫేజు మీదిదే, వెలగలేదు. మర్నాడు కరెంటాఫీసులో ఫిర్యాదు రాసుకున్నారు. ఆ పుస్తకం వకీలు కోర్టుకు తెప్పిస్తే చాలు: 'వెలగని దీపం వెలుగులో ఎలా చూశావయ్యా?'

అతను చూసింది ఇసక ట్రాక్టరు లైటు వెలుగులో. ఎడమది మాడిపోయింది, కుడిదొక్కటే వెలుగుతోంది. చెరకు తోటలోంచి బండ్లు పోనివ్వనని గురవయ్య అడ్డంగా నిలబడ్డాడు. కాంట్రాక్టరే స్వయంగా జాకీ రాడ్డు ఎత్తాడు. ఒక దెబ్బ మోకాలి కింద, రెండోది తల మీద. మూడోది కొట్టాడో లేదో సింహాచలానికి తెలీదు, అప్పటికి గురవయ్య వెలుగు దాటి పడిపోయాడు.

"నాన్నా, దీని మీద నీ సంతకం లేదు."

"పోలీసులు సంతకం ఎట్టించుకోలేదు, సదివి ఇనిపించనూ లేదు."

పోలీసు వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండకూడదనేదే చట్టం. ఊళ్లో చాలామందికి ఆ సంగతి తెలీక, రాసిందానికి కట్టుబడాల్సిందే అనుకుని కోర్టులో తడబడతారు.

రెండో గీత సంగతి తేల్చుకోవాలని టార్చి తీసుకుని బయల్దేరాడు. కాంట్రాక్టరు ఇల్లు పక్కదే, మధ్యలో ఒక్క గోడ. ఆయన అరుగు మీదే ఉన్నాడు.

"ఈ యేళప్పుడు ఎక్కడికిరా?"

"గట్టు కాడికి బాబూ. కొలత సూసుకోవాలి."

"కాయితాలు అందాయా?"

"అందాయి బాబూ. మంచి సాయం సేసేరు."

కాంట్రాక్టరుకు అర్థం కాలేదు. కాకపోవడమే మంచిది.

మోటారు షెడ్డు గడప నుంచి ట్రాక్టరు నిలిచిన మదుం దాకా ఇరవై రెండు అంగలు. తన అంగ రెండున్నర అడుగులు. రెండుసార్లు నడిచినా అంతే వచ్చింది: యాభై అయిదు. ఇప్పుడైతే చెరకు నిలువెత్తు ఉంది, అవతల మనిషి కనిపించడు. ఆ రాత్రికి తోట కొట్టేశారు, మోళ్లే మిగిలాయి. వాళ్లు ఈమధ్య ఫొటోలు తీయించి ఉంటే అదో ప్రశ్న. ఈ మాట మర్చిపోకూడదు.

ఇంటికొచ్చేసరికి పార్వతి మేలుకునే ఉంది.

"పోలీసుల్ని కాపలా అడగొచ్చన్నారు కదా?"

గవర్నమెంటు ప్లీడరు చెప్పాడు. సాక్షుల రక్షణ పథకాన్ని 2018లోనే సుప్రీంకోర్టు ఆమోదించింది, జిల్లా జడ్జీకి అర్జీ పెట్టుకోవచ్చు. సింహాచలం పెట్టలేదు. కాపలా వెళ్లిపోయాక కూడా ఆ గోడ పక్కనే కాపురం.

"తొమ్మిదిన్నరకల్లా ప్లీడరు గార్ని కలవాలి. దీపం సంగతీ, దూరం సంగతీ ముందే ఆయన సెవినెయ్యాలి. జడ్జీ గారడిగితే తెలుగులోనే సెప్తాను, ఒడియాలోకి మార్చేవోళ్లు మారుస్తారు. సూసిందే సెప్తాను. మూడో దెబ్బ తెలీదంటాను."

పార్వతి సంచిలో సమనూ, ఆధారు కార్డూ పెట్టింది. జిరాక్సు చేతిలోనే ఉంచుకుంది.

"ఇది కూడా పట్టికెల్తావా?"

"ఎల్తాను."

"ఎవరిచ్చారంటే?"

"అడిగితే సూరి పేరు సెప్పాల. కోర్టులో పెమాణం సేసి దాచలేను కదా."

"ఆడు నా తమ్ముడు."

"తెలుసు. ఆడు కాంట్రాక్టరు బండి తోలతన్నాడని కూడా తెలుసు. పొద్దున్నే నువ్వెల్లి ఆడితో సెప్పు, నాను పేరు సెప్తానని. దాగుడుమూతలొద్దు."

పార్వతి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కాగితాలు మడిచి సమను కిందకి తోసింది.

"ఏడింటి బస్సుకి నానూ వస్తాను. దారిలో ఆడి ఇంటి కాడ దిగి సెప్పెల్దుం."

"అప్పుడు ఆరున్నర బస్సు ఎక్కాల," అన్నాడు సింహాచలం.